పేరు చెప్పలేదు

"పేరు నాకొక్కడికే చెప్పు, బయటికి పోదు" అన్నారు మా ఎడిటర్ గారు, తలుపు దగ్గరికి వేసి. టేబుల్ మీద పరువు నష్టం నోటీసు, పక్కనే, ఒకరు రహస్యంగా ఇచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ఫోటో చూసి నేను రాసిన వార్త కటింగ్.

నేను చెప్పలేదు. ఆయన మీద నమ్మకం లేక కాదు. రేపు కోర్టు బోనులో నిలబెట్టి అడిగితే ఆయనా చెప్పాల్సి వస్తుంది. తెలియని మనిషైతే తెలియదనే అంటాడు.

మనకు చట్టం అండ ఉందనుకుంటారు చాలామంది. వార్త ఎవరిచ్చారో చెప్పమని విలేకరిని బలవంతం చేయకూడదని 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలో 15వ సెక్షన్ ఉంది కానీ, అది కౌన్సిల్ ముందు జరిగే విచారణ వరకే. సాక్ష్యాల చట్టంలో లాయర్లకున్న రక్షణ మనకు లేదు. ఇవ్వమని లా కమిషన్ 1983లోనే చెప్పింది, అక్కడే ఆగింది.

మా లాయరు గారి బాధ వేరు. "ఆ మనిషి వచ్చి సాక్ష్యం చెబితే కేసు సగం తేలిపోతుంది. లేకపోతే నీ మాటే మిగులుతుంది" అన్నారు. అదీ నిజమే. నేను నోరు మూసుకుంటే డబ్బు కట్టేది ఆఫీసే కదా.

చివరికి అదే ఉత్తర్వు కాపీకి ఆర్టీఐ పెడదామన్నాను. 30 రోజుల గడువు. వస్తే మనిషితో పనే లేదు. కాకపోతే ఫైలు నంబరు, తేదీ కచ్చితంగా రాస్తే లీకు ఎక్కడిదో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే ఆ నెలలో వెళ్లిన ఉత్తర్వులన్నీ అడుగుతున్నా.

ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ ఫోటో మళ్లీ చూశా. మూలన ఆకుపచ్చ సిరాతో చిన్న పొట్టి సంతకం. పేపర్లో వేసేటప్పుడు అది తీసేశామా? కటింగ్ రెండుసార్లు చూసుకున్నా. తీసేశాం.