ఎల్‌డీఎల్‌ను ఏళ్లతో గుణించి చూశాక

నలభై రెండేళ్లకు నా ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 158 వచ్చింది. బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. రాబోయే పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశం లెక్కకడితే చాలా తక్కువ తేలింది. ఇంకేం, మాత్ర ఎందుకని వాయిదా వేశాను.

తర్వాతిసారి డాక్టరు గారు పీసీఎస్‌కే9 సంగతి చెప్పారు. మన కాలేయం మీద ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసే గ్రాహకాలు ఉంటాయి. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ వాటిని నాశనం చేయిస్తుంది. కొందరిలో పుట్టుకతోనే ఆ జన్యువు ఒక కాపీ పనిచేయదు. గ్రాహకాలు ఎక్కువ మిగులుతాయి, ఎల్‌డీఎల్ జీవితాంతం తక్కువగా ఉంటుంది. 2006లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, నల్లజాతీయుల్లో ఇలాంటివాళ్లు 85 మంది. వాళ్ల సగటు ఎల్‌డీఎల్ 100, మిగతావాళ్లది 138. పదిహేనేళ్లు గమనిస్తే మిగతావాళ్లలో 9.7 శాతం మందికి గుండె రక్తనాళాల జబ్బు వచ్చింది. ఈ 85 మందిలో ఒక్కరికే. అంటే 88 శాతం తక్కువ.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల మీద జరిగిన పరీక్షల్లో ఎల్‌డీఎల్ దాదాపు ఇంతే, 38 పాయింట్లు తగ్గితే, ఐదేళ్లలో తగ్గే ప్రమాదం 22 శాతం దగ్గరే కదా? డాక్టరు గారు నవ్వి, "వాళ్లకు ఆ 38 పుట్టినప్పటి నుంచీ తక్కువండీ. మాత్ర వేసుకున్నవాళ్లకు ఐదేళ్లే" అన్నారు.

ఆ రాత్రి కాగితం తీసుకున్నాను. ఎల్‌డీఎల్‌ను వయసుతో గుణించా. 100 చొప్పున యాభై ఏళ్లకు 5000. 138 చొప్పున అదే 5000కి ముప్పై ఆరేళ్లకే చేరిపోతాం. రక్తనాళం గోడలో పేరుకునేది ఈ మొత్తాన్ని బట్టేనైతే, జన్యువు వాళ్లకు పద్నాలుగేళ్లు అదనంగా ఇచ్చినట్టు. లెక్క మోటుదే. చిన్నప్పుడు ఎల్‌డీఎల్ ఇంత ఉండదు, ఏళ్లన్నీ సమానంగానూ ఉండవు.

88 శాతాన్ని కూడా పూర్తిగా నమ్మలేదు. 85 మందిలో ఇంకో ఇద్దరికి జబ్బు వచ్చి ఉంటే ఆ అంకె బాగా పడిపోయేది. అయితే అదే అధ్యయనంలో తెల్లజాతీయుల్లో ఇదే జన్యువులో ఇంకో మార్పు ఉన్నవాళ్లు చాలా ఎక్కువమంది దొరికారు. వాళ్ల ఎల్‌డీఎల్ 15 శాతమే తక్కువ, జబ్బు మాత్రం 47 శాతం తక్కువ. నన్ను ఒప్పించింది ఇది.

బీరువా వెతికితే ఇరవై ఎనిమిదేళ్లప్పటి రిపోర్టు దొరికింది. అప్పటికే 135. పదేళ్ల ప్రమాదం లెక్కలో ఈ పాత కాగితానికి చోటే లేదు!

జన్యు పరీక్ష చేయించుకోలేదు. 158 ఉన్నవాడికి ఆ అదృష్టం ఉండదని డాక్టరు గారే అన్నారు. మాత్ర మొదలుపెట్టాను. ఎనిమిది వారాలకు 91. ఇరవై ఎనిమిదేళ్లప్పుడే మొదలుపెట్టి ఉంటే అన్న లెక్క మాత్రం వేయలేదు.