నాలుగో బెడ్ హ్యాండోవర్

ఐసీయూలో నైట్ డ్యూటీ దిగేటప్పుడు, కేస్ షీట్‌లో పట్టని సంగతులు పొద్దున వచ్చే సిస్టర్ కోసం విడిగా ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టడం నాకు అలవాటు. కట్లపాము కాటుతో వచ్చిన ఒక రైతు గురించి రాసినవి ఇవి.

చేరిన రాత్రి

అక్కా, 4వ బెడ్‌లో కొత్త పేషెంట్. పొలం దగ్గర షెడ్డులో నేల మీద పడుకున్నాడట. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించారు. ఒంటి మీద కాటు గుర్తు దొరకలేదు, వాపు లేదు. 20 నిమిషాల రక్తపరీక్షలో రక్తం మామూలుగానే గడ్డకట్టింది. కానీ రెండు రెప్పలూ వాలిపోయి ఉన్నాయి. అది చూసే డాక్టరుగారు కట్లపాము అన్నారు.

పాము మందు 10 వయల్స్ ఎక్కించాం, తగ్గకపోయేసరికి మరో 10. రియాక్షన్ రాలేదు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే మొదట 15 దాకా వెళ్లాడు, గంట తర్వాత 8 దగ్గర ఆగిపోయాడు. తల దిండు మీంచి లేవలేదు. అప్పటికీ రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 96 చూపిస్తూనే ఉంది. అది పడిపోయేదాకా ఆగకుండా ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టారు.

మర్నాటి రాత్రి

కాళ్లూ చేతులూ అసలు కదలడం లేదు. కంటిపాపలు పెద్దవై, టార్చ్ వేసినా చిన్నవి కావడం లేదు. రౌండ్స్‌లో కొత్త డాక్టరుబాబు "బ్రెయిన్ పోయిందేమో" అన్నాడు, అదీ బెడ్ పక్కనే నిలబడి. కట్లపాము విషం కంటిపాపల్నీ కదలకుండా చేస్తుంది. మెదడు మాత్రం బాగానే ఉంటుంది. ఈ మనిషికి అన్నీ వినిపిస్తాయి, నొప్పి తెలుస్తుంది, చెప్పుకోలేడు, అంతే.

నాకెలా తెలిసిందంటే, సక్షన్ వేయబోతూ "అన్నా, గొంతులో పైపు పెడుతున్నా, దగ్గొస్తుంది" అని చెప్పా. ఇంకా పైపు తాకనే లేదు, పల్స్ 88 నుంచి 120కి వెళ్లింది. డ్యూటీ డాక్టరుకి చూపిస్తే కొద్దిగా మత్తు, నొప్పి మందు రాశారు. దయచేసి ఆపొద్దు. ఏం చేసినా ముందు చెప్పి చేయండి.

రెప్పలు పూర్తిగా మూతపడటం లేదు. ఆయింట్‌మెంట్ వేసి టేపు అంటించాను, లేదంటే కన్ను ఎండిపోయి పుండవుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. తల వైపు 30 డిగ్రీలు ఎత్తే ఉంచండి.

ఆ తర్వాత రాత్రి

పేషెంట్ అన్నగారు వచ్చి బెడ్ దగ్గరే ఫోన్లో అంబులెన్సు కిరాయి మాట్లాడాడు, ఊరికి తీసుకెళ్లడానికి. మనిషి చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. బయటికి తీసుకెళ్లి కూర్చోబెట్టి చెప్పాను: మందు రక్తంలో ఉన్న విషాన్నే పట్టుకుంటుంది. విషం అప్పటికే పాడుచేసిన నరాల చివర్లు మళ్లీ పెరగాలి, దానికి రోజులు పడుతుంది. అందాకా ఊపిరి మిషన్ తీస్తుంది. ఇప్పుడు మిషన్ తీస్తే చేతులారా చంపుకున్నట్టే. ఇంకో పాము మందు అడిగాడు. ఇక వేసినా ఉపయోగం లేదని డాక్టరుగారు చెప్పారు.

పొద్దున మళ్లీ గొడవ చేస్తే సూపరింటెండెంట్ గారి దగ్గరికి పంపండి. ఇక్కడ వద్దు.

వారం చివర్లో

కుడికాలి బొటనవేలు కదిలింది! "అవును అయితే ఒకసారి, కాదు అయితే రెండుసార్లు" అని చెప్పా. నొప్పి ఉందా అంటే రెండుసార్లు కదిపాడు. నేను చెప్పింది వినపడిందా అంటే ఒకసారి. మత్తు తగ్గించారు.

కఫం చిక్కగా, పచ్చగా వస్తోంది, జ్వరం 101. శాంపిల్ కల్చర్‌కి పంపాను, రిపోర్టు మీరు అడగాలి. ఇన్ని రోజులు ట్యూబ్ మీద ఉన్నవాళ్లని ఇప్పుడు పాముకంటే న్యుమోనియానే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నోరు శుభ్రం చేయడం మర్చిపోవద్దు.

నిన్న రాత్రి

జ్వరం దిగింది. తల ఎత్తి అయిదు సెకన్లు నిలబెట్టాడు. వెంటిలేటర్ తీసి, తనంతట తనే ఊపిరి తీసుకునేలా టీ పీస్ గొట్టం మీద పెట్టాం, అరగంటకి చెమటలు పట్టి పల్స్ పెరిగింది, మళ్లీ మిషన్ పెట్టాం. పొద్దున ఇంకోసారి ప్రయత్నిస్తామన్నారు డాక్టరుగారు, తొందర లేదు.

పెన్ను ఇస్తే వంకరటింకరగా రాశాడు: "బండికి అడ్వాన్సు ఇచ్చాడా?" ఇవ్వలేదన్నాను. అన్నగారు రెండ్రోజులుగా లోపలికి రావడం లేదు, గేటు దగ్గరే కూర్చుంటున్నాడు. ఈ పూట పంపించండి, తమ్ముడే అడిగాడని చెప్పండి.

ట్యూబ్ తీశాక నీళ్లు అడుగుతాడు. దగ్గు గట్టిగా వస్తోందా, మింగగలుగుతున్నాడా చూసేదాకా ఇవ్వొద్దు. ఇంటివాళ్లకి మంచం, దోమతెర సంగతి నేను ఒకసారి చెప్పాను. డిశ్చార్జి అప్పుడు మీరూ చెప్పండి.