బడిపిల్లల సర్వే, ఎథిక్స్ కమిటీ అనుమతి: నా అనుభవం

నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నప్పుడు థీసిస్ కోసం పాలమూరు ప్రాంతంలోని నాలుగు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 8, 9 తరగతుల పిల్లలను సర్వే చేయాలనుకున్నాను. తోటి పిల్లలు ఏడిపించడం, కొట్టడం, వెలివేసినట్టు చూడడం ఎంతగా ఉంది, దాని వల్ల వాళ్ల మనసుకు కలిగే బాధ ఎంత అన్నది నా అంశం. ప్రశ్నపత్రం నింపడానికి అరగంట చాలు, రక్తం తీసేది లేదు, మందు ఇచ్చేది లేదు. అందువల్ల, పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి త్వరగా వస్తుందనుకున్నాను. ఒకటి రెండు ప్రశ్నలు సున్నితమైనవి కాబట్టి, పాల్గొనేవారు మైనర్లు కాబట్టి, దరఖాస్తును పూర్తి కమిటీ ముందు పెట్టాలని మెంబర్ సెక్రటరీ చెప్పారు. మొదటి సమావేశం నుంచి అది సవరణలకు తిరిగివచ్చింది.

జిల్లా విద్యాశాఖాధికారి అనుమతి, నలుగురు ప్రధానోపాధ్యాయుల ఉత్తరాలు జతచేసి, తల్లిదండ్రులకు ఒక నోటీసు పంపుతామని, వారంలోగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టు భావిస్తామని నేను రాశాను. కమిటీ దీన్ని ఒప్పుకోలేదు. హెచ్ఎం ఉత్తరం మనల్ని బడిలోకి రానిస్తుందే గానీ, పిల్లల తరఫున సమ్మతి ఇచ్చే అధికారం ఆయనకు లేదు. అభ్యంతరం రాకపోవడానికి నోటీసు పుస్తకాల సంచిలోనే ఉండిపోవడం కూడా కారణం కావచ్చు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లి లేదా తండ్రి రాతపూర్వక సమ్మతితో పాటు పిల్లల ఒప్పుదల కూడా తీసుకోవాలి. ఏడేళ్లు దాటిన చిన్నపిల్లలకు నోటిమాట సరిపోతుంది, పన్నెండు దాటాక అది కాగితం మీద ఉండాలి. నా పిల్లలందరూ పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్లు. కాబట్టి ఒక్కో బిడ్డకు రెండు సంతకాలు కావాలి. రెండింటిలో ఏది లేకపోయినా ప్రశ్నపత్రం ఇవ్వకూడదు.

పాలమూరులో ఇది ఎంత కష్టమో పని మొదలుపెట్టాకే తెలిసింది. చాలా ఇళ్లలో తల్లిదండ్రులు హైదరాబాదులో భవన నిర్మాణ పనుల్లో ఉంటే పిల్లలు నాయనమ్మ దగ్గర పెరుగుతున్నారు. చట్టప్రకారం సంరక్షకురాలు కాని నాయనమ్మ వేలిముద్రను కమిటీ అంగీకరించలేదు. చదువురాని తల్లిదండ్రులకు మాత్రం సర్వేతో సంబంధంలేని ఒక సాక్షి ఎదుట పత్రం చదివి వినిపించి, వేలిముద్ర, సాక్షి సంతకం తీసుకోవచ్చన్నారు. ఆదివారాలు, పండుగ సెలవులు చూసుకుని ఇళ్లకు వెళ్లి సంతకాలు తెచ్చుకున్నాను. దొరకనివారి పిల్లలను వదిలేయవలసి వచ్చింది. ఒంటరితనం ఎక్కువగా ఉండే అవకాశమున్న పిల్లలే లెక్క నుంచి జారిపోయారన్నది ఈ పద్ధతికి ఉన్న అసలైన లోపం. థీసిస్‌లో దాన్ని పరిమితుల కింద స్పష్టంగా రాశాను.

పిల్లల పత్రం భాష గురించి కమిటీలోని సామాన్య సభ్యురాలు, రిటైరైన తెలుగు టీచరు, నన్ను చాలాసేపు ప్రశ్నించారు. "స్వచ్ఛందముగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను" అన్న నా వాక్యాన్ని గట్టిగా చదివి, ఎనిమిదో తరగతి పిల్ల దీన్ని పాఠమనుకుని సంతకం పెడుతుందన్నారు. ఆమె సూచనతో అది ఇలా మారింది: "ఇది పరీక్ష కాదు. నీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పవచ్చు. మీ అమ్మానాన్న సంతకం పెట్టినా నువ్వు వద్దనవచ్చు. మధ్యలో ఆపేయవచ్చు. మీ టీచరు నిన్ను ఏమీ అనరు." చివరి వాక్యం నిజం కావాలంటే టీచరుకు ఎవరు వద్దన్నారో తెలియకూడదు. అందుకని సర్వే సమయంలో ఉపాధ్యాయులు గది బయట ఉండేలా, సంతకం లేని పిల్లలకూ వద్దన్న పిల్లలకూ అదే రంగు కవరులో పదవినోదం, చిన్న లెక్కల పజిళ్లు ఉన్న కాగితం ఇచ్చేలా ఏర్పాటు చేశాం. అందరూ కవరు అంటించి ఒకే పెట్టెలో వేస్తారు కాబట్టి, ఎవరిది ఏదో పక్కబెంచీవారికి కూడా తెలియదు.

అన్నిటికంటే పెద్ద సవరణ గోప్యత మీద వచ్చింది. "నీ జవాబులు ఎవరికీ చెప్పము" అని నేను రాశాను. కమిటీలోని న్యాయవాది అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "ఆఖరి పేజీలో 'ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయి' అని ఖాళీ వదిలారు. అక్కడ ఒక పాప తనపై జరుగుతున్న లైంగిక వేధింపు గురించి రాస్తే ఏం చేస్తారు?" 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలాంటి నేరం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. అంటే నేను నిలబెట్టుకోలేని మాట ఇస్తున్నాను. పేర్లు అసలే రాయించకపోతే ఈ చిక్కు తప్పుతుందని మొదట అనిపించింది. కానీ నా పత్రంలో చచ్చిపోవాలనిపించిందా అన్న ప్రశ్న కూడా ఉంది. అవునని గుర్తుపెట్టిన బిడ్డ ఎవరో తెలియని స్థితిని నేనే కల్పించుకుని వెళ్లిపోవడం సరికాదని గైడ్ మేడమ్ అన్నారు. ఆమె మాటతో నేను ఏకీభవించాను.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. ప్రశ్నపత్రం మీద పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. ఏ అంకె ఎవరిదో చూపే జాబితా ఒక్కటే, అదీ కాగితం మీద, మేడమ్ బీరువాలో ఉంటుంది. జవాబులు ఎక్కించే కంప్యూటరులోకి ఆ జాబితా రాదు. సర్వే జరిగిన రోజు సాయంత్రమే నేను ప్రతి పత్రంలో ఆ ఒక్క ప్రశ్ననూ ఆఖరి ఖాళీనీ చదవాలి. ప్రమాదం కనిపిస్తేనే మేడమ్, నేను కలిసి జాబితా తెరవాలి, తెరిచిన కారణం, సమయం రిజిస్టరులో రాయాలి. ఈ సంగతి పిల్లలకు ముందే తెలియాలి కాబట్టి వాక్యం మార్చాం: "నీ జవాబులు మీ టీచర్లకు, ఇంట్లోవాళ్లకు చూపించం. కానీ నీకు ఎవరైనా హాని చేస్తున్నారని గానీ, నువ్వే హాని చేసుకోవాలనుకుంటున్నావని గానీ తెలిస్తే, నీకు సాయం చేయగలిగిన పెద్దవాళ్లకు చెప్తాం. ముందు నీతో మాట్లాడతాం." ఇలా రాస్తే పిల్లలు నిజం దాచవచ్చని నేను అభ్యంతరం చెప్పాను. కొందరు దాచి ఉంటారు కూడా. అయినా అబద్ధపు హామీ మీద వచ్చిన జవాబు కంటే ఆ నష్టమే మేలు.

నివేదికలో బడి పేరు ఉండకూడదని, ఐదుగురి కంటే తక్కువ మంది వచ్చే గడిని పట్టికలో చూపకూడదని కూడా కమిటీ షరతు పెట్టింది. ఒక తరగతిలో ఒక కులానికి చెందిన ఆడపిల్లలు ఇద్దరే ఉంటే పేరు రాయకపోయినా వాళ్లెవరో ఊరందరికీ తెలుస్తుంది. తమ బడి ఫలితం విడిగా ఇవ్వమని ఒక హెచ్ఎం అడిగినప్పుడు నాకు ఈ షరతే అండగా నిలిచింది.

రెండో సమావేశంలో అనుమతి వచ్చింది. మూడో బడిలో సర్వే చేసిన సాయంత్రం ఒక పత్రం నన్ను ఆపేసింది. ఆఖరి ఖాళీలో ఏమీ రాయలేదు గానీ, ఆ ఒక్క ప్రశ్న దగ్గర "ఈ నెలలో చాలాసార్లు" అన్న జవాబుకు రెండుసార్లు దిద్దిన గుర్తు ఉంది. మేడమ్ బీరువా తెరిచారు, రిజిస్టరులో రాశాం. మర్నాడు మా కాలేజీ సైకియాట్రీ విభాగం నుంచి వచ్చిన కౌన్సిలర్ ఆ తరగతిలో ఎనిమిది మందితో ఒక్కొక్కరిగా మాట్లాడారు. ఆ ఎనిమిది మందిలో ఎవరి కోసం వచ్చారో బడిలో ఎవరికీ తెలియలేదు. తరగతిలో అందరికీ పిల్లల సహాయవాణి 1098, మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబర్లున్న చీటీలు ఇచ్చాం. ఇంట్లో చెప్పేటప్పుడు మీరూ నా పక్కన ఉంటారా అని ఆ బిడ్డ కౌన్సిలర్‌ను అడిగింది. ఆమె సాయంత్రం బస్సు వదులుకుని వాళ్లింటికి వెళ్లారు.