ఈరోజు చేతికొచ్చిన పని, దాని లెక్క

పొద్దున పిల్లలు బడికి వెళ్ళి, వంట అయ్యాక మిషన్ ముందు కూర్చునేసరికి పదిన్నర. కుర్చీ పక్కన సంచిలో మూడు జీన్స్, రెండు మామూలు ప్యాంట్లు, జిప్ పాడైన ఒక జాకెట్, భుజాలు లూజైన కోటు ఒకటి. అన్నీ తెలిసినవాళ్ళవీ, వాళ్ళకు తెలిసినవాళ్ళవీ. నేను కొత్త బట్టలు కుట్టను. ఉన్న బట్టల్ని సరిచేస్తాను, అంతే. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఒకటే. కొత్త డ్రెస్ మొదలుపెడితే మధ్యలో వదలలేం, కటింగ్ బల్ల మీద పరిచిన గుడ్డ అలాగే ఉండిపోతుంది. ప్యాంటు అంచు అయితే అరగంటలో ముగిసిపోతుంది. అర్ధంతరంగా లేవాల్సొచ్చినా, తిరిగొచ్చి అక్కడే మొదలుపెట్టొచ్చు. ఇంట్లో ఉండేవాళ్ళ టైమ్ ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది, పని కూడా ముక్కలుగా ఉంటేనే కుదురుతుంది.

పెట్టుబడి అంటే మిషన్ ఇంట్లో ఉన్నదే. కొన్నవి వేర్వేరు నంబర్ల సూదులు, కుట్టు విప్పే కత్తి, చాక్, కొన్ని రంగుల దారాలు, గుండుసూదులు. ఇస్త్రీ పెట్టె ఎలాగూ ఉంది. ఇంతకు మించి ఏమీ కొనలేదు. గుడ్డ అంచు పీచు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కొనమని ఒకరిద్దరు చెప్పారు గానీ, మామూలు మిషన్‌లో జిగ్‌జాగ్ ఉంటే నా పనికి సరిపోతోంది.

ముందు జీన్స్ తీశాను. నాకు బాగా గిట్టేది ఇదే కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాసి పెట్టుకుంటాను. జీన్స్ పొడవు తగ్గించమని అడిగేవాళ్ళకు కింద ఉన్న అసలు అంచు పోకూడదు. ఆ అరిగిన రంగు, ఆ మందపాటి దారం కుట్టు అలాగే ఉండాలి. అంచు కత్తిరించి కొత్తగా మడిస్తే చూడగానే తెలిసిపోతుంది. అందుకని అసలు అంచును వదిలేసి, దాని పైనున్న గుడ్డలోంచి ఎక్కువైనంత తీసేయాలి.

ఇవాళ మొదటి జీన్స్ రెండున్నర అంగుళాలు తగ్గాలి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. అంచు కుట్టుకు పైన రెండున్నర అంగుళాలు కొలిచి మడిస్తే, ప్యాంటు ఐదంగుళాలు పొట్టిదవుతుంది. మడతలో గుడ్డ రెండు పొరలు పోతుంది కదా. కాబట్టి అంచుని బయటికి, పైకి మడిచి, అసలు అంచు పైగీత నుంచి మడత వరకు ఒకటింపావు అంగుళం మాత్రమే ఉండేలా చుట్టూ కొలుస్తాను. అసలు అంచు వెడల్పుని ఈ కొలతలో కలపకూడదు. ఒకచోట కొలిచి మిగతాది చూపుతో సరిపెట్టుకోకుండా పక్క కుట్టు దగ్గరా, లోపలి కుట్టు దగ్గరా, ముందూ వెనకా కూడా టేపు పెడతాను. గుండుసూదులు గుచ్చి, అసలు అంచు పైగీతకు ఆనించి, దానిమీద ఎక్కకుండా చుట్టూ ఒక కుట్టు. తరవాత లోపలున్న అదనపు గుడ్డని అర అంగుళం వదిలి కత్తిరించి, ఆ అంచుకి జిగ్‌జాగ్ వేసి, అంచు కిందికి తిప్పి ఇస్త్రీ పెడతాను. కొత్త కుట్టు పాత అంచు పై గాడిలో దాక్కుంటుంది. ప్యాంటు వేసుకుని నిలబడితే ఎక్కడ తగ్గించామో వంగి చూస్తే తప్ప కనబడదు.

కాలు కిందికి పోనుపోను బాగా సన్నబడే జీన్స్‌తో మాత్రం జాగ్రత్త. పైభాగం వెడల్పు, పాత అంచు సన్నం. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు, మడతలో ముడతలొస్తాయి. కొద్దిగా తేడా ఉంటే పైభాగం పక్క కుట్టులో అటూ ఇటూ కాస్త బిగించి సరిపెట్టొచ్చు. మూడు అంగుళాలు దాటి తగ్గించాల్సొస్తే, అలాంటి ప్యాంటుకి ఈ పద్ధతి పనికిరాదని ముందే చెప్పేస్తాను.

అసలు పరీక్ష పక్క కుట్టుల దగ్గర. అక్కడ జీన్స్ గుడ్డ మడతల మీద మడతలు పడి గడ్డలా ఉంటుంది. మిషన్ పాదం ఆ గడ్డ ఎక్కేటప్పుడు ముందు పైకి లేస్తుంది, వెనక కిందికి వాలుతుంది. గుడ్డ గట్టిగా ఒత్తి ఉండదు, సూదితోపాటే పైకి లేస్తుంది, దారం కింద ఉచ్చు సరిగా పడదు, షటిల్ దాన్ని పట్టుకోదు. కుట్టు తప్పుతుంది, లేదంటే సూది విరుగుతుంది. దీనికి నేను చేసేది: ఆ గడ్డని ముందు చిన్న సుత్తితో కొట్టి పల్చన చేస్తాను, పాదం వెనక భాగం కింద అదే మందంలో మడిచిన గుడ్డముక్క పెడతాను. పాదం సమంగా నిలబడుతుంది. అక్కడ పెడల్ తొక్కను, చక్రం చేత్తో తిప్పుతూ నాలుగైదు కుట్లు దాటిస్తాను. సూది పదహారో నంబర్, జీన్స్‌దే వాడాలి. కుట్టు పొడవు కూడా కాస్త పెంచుతాను, మూడు మిల్లీమీటర్లకు తగ్గకుండా. ఇంట్లోని చిన్న మిషన్‌తోనే ఇంతవరకూ లాక్కొచ్చానంటే ఈ గుడ్డముక్క చలవే.

మూడోది కొత్త జీన్స్, ఉతకనే లేదు. తెచ్చినామె మధ్యాహ్నం ఫోన్ చేస్తే చెప్పాను, "అక్కా, ఒకసారి ఉతికి ఆరేసి ఇవ్వండి, అప్పుడు కొలుస్తాను" అని. "అర్జెంటమ్మా, రేపు వేసుకోవాలి" అంది. కాటన్ గుడ్డ మొదటి ఉతుకులో పొడవులో కుంచించుకుపోతుంది. ఇవాళ సరిగా కుట్టినది రేపటికి చీలమండ పైకెక్కితే ఆ మాట నాకే వస్తుంది. ఆ విషయం చెబితే ఒప్పుకుంది. కొలతకు వచ్చినప్పుడు ఆ ప్యాంటు మీదికి వేసుకునే చెప్పులే వేసుకురమ్మన్నాను. మడమ ఎత్తును బట్టి పొడవు మారిపోతుంది. ఇంకో సంగతి, రెండు కాళ్ళకూ విడివిడిగా పిన్ను పెడతాను. నిలబడే తీరును బట్టి ఒక కాలికి కాస్త తేడా ఉండడం మామూలే.

జాకెట్ జిప్ సంగతి వేరే. పైకి లాగితే మూసుకుంటుంది, వెనకే మళ్ళీ విచ్చుకుంటుంది. తెచ్చినవాళ్ళు "జిప్ మార్చాలండీ" అన్నారు. ముందు పళ్ళు చూశాను. ఒక్కటీ ఊడలేదు, వంగలేదు. అలాంటప్పుడు తప్పు పళ్ళది కాదు, రన్నర్‌ది. లాగిలాగి అది లోపల వదులవుతుంది, పళ్ళను దగ్గరికి ఒత్తలేదు. ప్లయర్స్‌తో రన్నర్ రెండు పక్కలా, వెనక చివర, ఒక్కో పక్క కొద్దికొద్దిగా నొక్కి, ప్రతిసారీ లాగి చూశాను. గట్టిగా నొక్కితే బిగుసుకుపోతుంది, లేదా విరిగిపోతుంది. పది నిమిషాల్లో పని అయిపోయింది. మళ్ళీ వదులైతే రన్నర్ ఒక్కటే మార్చాల్సి ఉంటుందని చెప్పి ఇచ్చాను. పళ్ళు ఊడినదైతే మాత్రం మొత్తం జిప్ మార్చడమే దారి.

కోటు తిరిగి ఇచ్చేశాను. భుజం తగ్గించాలంటే చెయ్యి మొత్తం విప్పాలి, లోపలి లైనింగ్ విప్పాలి, ప్యాడ్ తీసి మళ్ళీ అమర్చాలి. అది నా పని కాదు. తోలు, మెత్తటి పట్టు, పూసలు కుట్టిన బట్టలు కూడా తీసుకోను. పట్టులో సూది గుచ్చిన చోట కన్నం అలాగే కనబడుతుంది. లూజు చేయమని వచ్చేవాటికి ముందు లోపలికి తిప్పి కుట్టు పక్కన ఎంత గుడ్డ వదిలారో చూస్తాను. గుడ్డ లేకపోతే చేసేదేమీ లేదు. ఉన్నా, పాత కుట్టు గీత దగ్గర రంగు తేడా బయటపడుతుంది. ఆ మాట ముందే చెప్పాలి, తరవాత చెబితే సాకులా ఉంటుంది.

సాయంత్రం పుస్తకం ముందేసుకుని లెక్క చూశాను. నా రేటుని మామూలు ప్యాంటు అంచుతో కొలుచుకుంటాను. దానికి ఒక పాలు అనుకుంటే, అసలు అంచు ఉంచే జీన్స్‌కి రెండు పాళ్ళు, మొత్తం జిప్ మార్పుకి రెండున్నర, రన్నర్ సరిచేయడానికి సగం పాలు. చూడ్డానికి జిప్ మార్పే ఎక్కువ ఇస్తున్నట్టుంటుంది. కానీ టైమ్‌తో కలిపి చూస్తే కథ తిరగబడుతుంది. మామూలు అంచుకి కొలత, మాటలు, దారం మార్చడం, ఇస్త్రీ అన్నీ కలిపి అరగంట. జీన్స్‌కి ముప్పావు గంట. జిప్ మార్పుకి పాత కుట్లు విప్పడంతో కలిపి గంటన్నర పైనే. అంటే గంటకు మామూలు అంచు రెండు పాళ్ళు ఇస్తే, జీన్స్ రెండు ముప్పావు పాళ్ళకి కొంచెం తక్కువగా ఇస్తోంది. జిప్ మార్పు రెండు పాళ్ళు కూడా ఇవ్వడం లేదు. సగం పాలు తీసుకునే రన్నర్ పని, పది నిమిషాల్లో అవుతుంది కాబట్టి గంటకు మూడు పాళ్ళ చొప్పున పడుతోంది, అయితే అలాంటివి వరసగా రావు. కుట్టిన నిమిషాలకు మాత్రమే డబ్బు లెక్కేసుకుంటే కొలతకూ మాటలకూ పోయిన టైమ్ ఎవరూ ఇవ్వరు.

అందుకే ఒక్క బట్ట కోసం దారం మార్చను. నీలం దారం పడేవన్నీ ఒకేసారి, నలుపువన్నీ ఒకేసారి కుడతాను. బట్ట తీసుకోగానే పిన్నీసుతో చీటీ గుచ్చి పేరు, ఎంత తగ్గించాలి, ఏ రోజు ఇవ్వాలి అని రాస్తాను. మరకలూ చిరుగులూ ఉంటే ఇచ్చినవాళ్ళ ముందే ఫోటో తీస్తాను. తీసుకోవడం, ఇవ్వడం వారంలో రెండు సాయంత్రాలే. మొదట్లో ఎవరు ఎప్పుడొచ్చినా తలుపు తీసేదాన్ని. "ఇంట్లోనే ఉంటావు కదా వదినా, కాస్త చూసిపెట్టు" అని మధ్యాహ్నం నిద్రలో కూడా బెల్ కొట్టేవాళ్ళు. మన వీలుని బట్టి పని అనేది అప్పుడు పేరుకే, నిజానికి వాళ్ళ వీలుని బట్టే. ఇప్పుడు రోజు చెబితే ఎవరూ నొచ్చుకోవడం లేదు, ఆ రోజుకే తెస్తున్నారు.

రేపటికి మిగిలినవి మామూలు ప్యాంట్లు రెండూ, నల్ల దారం. జిప్ మార్పు రేటు మూడు పాళ్ళు చేసి, కొత్తగా వచ్చేవాళ్ళకి అదే చెప్పాలి. ఒప్పుకోకపోతే ఆ గంటన్నరలో రెండు జీన్స్ అయిపోతాయి.