ముందుకాళ్లు వచ్చాక చనిపోయిన ఆరు కప్పపిల్లలు: నా అనుభవం

నిన్న సాయంత్రం చివరి కప్పపిల్లను పెరట్లోని అరటిచెట్ల పాదులో వదిలిపెట్టాను. జూలైలో కురిసిన మొదటి పెద్ద వానకు మా సిమెంటు తొట్టిలో ఏదో చిన్న కప్ప గుడ్లు పెట్టింది. తొట్టిని ఇంటి పనికి వాడుకోవలసి రావడంతో వాటిలో కొన్నింటిని అదే వాననీటితో సహా గాజుతొట్టిలోకి మార్చాను.

మొదటి నెల సులువుగానే గడిచింది. గుడ్డులోంచి వచ్చిన పిల్లల తలకు ఇరువైపులా కుచ్చుల్లాంటి మొప్పలు రెండు రోజులు బయటికి కనిపించాయి, తరువాత వాటిమీద చర్మం కప్పుకుంది. అప్పటినుంచి నోటిగుండా తీసుకున్న నీరు లోపలి మొప్పల మీదుగా సాగి, ఎడమపక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటికి పోతుంది. నల్లటి గట్టి దవడలతో అవి గాజుమీది నాచును గీకి తినేవి, నేను వేసిన ఉడికించిన పాలకూరను కూడా తినేవి. పొట్ట చర్మం పలచన కావడంతో, లోపల జిలేబీలా చుట్టుకున్న పొడవాటి పేగు బయటికే కనిపించేది. నాలుగో వారంలో వెనుకకాళ్లు వచ్చాయి.

ముప్పై ఎనిమిదో రోజున మూడింటికి ముందుకాళ్లు బయటపడ్డాయి. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. మర్నాడు ఉదయానికి ఆ మూడూ పొట్ట పైకి తేలి చనిపోయి ఉన్నాయి. ఆ రాత్రి ఇంకో మూడింటికి అలాగే జరిగింది. తోక నిండుగా ఉంది, కాళ్లు నాలుగూ ఉన్నాయి, ఒంటిమీద గాయమేదీ లేదు. అవి ముందురోజు నుంచే తిండి ముట్టకపోవడం గమనించిన నేను ఆకలే కారణమనుకుని పాలకూర రెట్టింపు వేశాను. ఆకు కుళ్లి నీళ్లు కంపు కొట్టాయి.

చేపల తొట్లు అమ్మే దుకాణానికి వెళితే, అక్కడి ఆయన నేను చెప్పేది పూర్తిగా వినకుండానే చేపల జబ్బుకు వాడే నీలిరంగు మందు సీసా చేతిలో పెట్టాడు. కప్పలకు పనికివస్తుందా అని అడిగినందుకు "కప్పల కోసం ఇంత దూరం వచ్చారా మేడమ్" అని నలుగురి ముందు నవ్వాడు. ఆ మాట ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. డబ్బులిచ్చి వచ్చాను కానీ మందు మాత్రం వేయలేదు. తనకు తెలియని ప్రాణికి మందు అమ్మేవాడి దగ్గరికి ఎవరూ వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

మా వీధిలో ఉండే జంతుశాస్త్రం మాస్టారు వచ్చి తొట్టిని చూడగానే, "అమ్మా, ఇందులో గట్టు ఏది?" అని అడిగారు. నీళ్లు చెడితే చిన్నాపెద్దా అన్నీ పైకి వచ్చి గాలి మింగుతాయని, ఇక్కడ ముందుకాళ్లు వచ్చినవే చనిపోయాయి కాబట్టి అవి మునిగిపోయాయని ఆయన వివరించారు. ముందుకాళ్లు మొప్పల గదిలోనే, చర్మం కింద పెరుగుతాయి. అవి బయటపడే రోజుల్లోనే మొప్పలు కరిగిపోవడం మొదలై, శ్వాస భారమంతా ఊపిరితిత్తుల మీదా చర్మం మీదా పడుతుంది. అదే సమయంలో తోక కూడా కుదించుకుపోతుండడంతో ఈత మందగిస్తుంది, నిట్టనిలువు గాజుగోడల మధ్య నిలబడే చోటు దొరకక అలసిపోయి మునుగుతాయి. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో తోకా నాలుగు కాళ్లూ ఉన్న పిల్లను నీళ్లలోనే గీస్తారు, దానికి గట్టు కావాలన్న మాట ఎక్కడా రాయరు. నా ఆరు పిల్లల ప్రాణం ఆ ఒక్క మాట విలువ చేసింది.

తిండి మానడం కూడా జబ్బు కాదట. గీకే దవడలు రాలిపోయి, నోటి చీలిక కంటి వెనుకదాకా సాగుతుంది. ఆకును అరిగించే పొడవాటి పేగు, పురుగులను అరిగించేందుకు తగినట్టు బాగా పొట్టిదవుతుంది. ఈ మరమ్మతు జరిగే రోజుల్లో తోకే దానికి భోజనం. తోక తెగి రాలిపోదు, అందులోని కణాలు విచ్ఛిన్నమై ఆ సారం ఒంట్లోకే చేరుతుంది. థైరాయిడ్ గ్రంథి విడుదల చేసే ఒకే హార్మోను కాళ్లను పెంచుతూ తోకను కరిగిస్తుందని మాస్టారు చెప్పినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఆ పూటే నీటిని మూడు వేళ్ల లోతుకు తగ్గించి, సగం చెడిన నీటి స్థానంలో నిల్వ ఉంచిన వాననీరు పోసి, పెంకుముక్కను ఏటవాలుగా ఆనించి, పైన దోమతెర కట్టాను. కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు ఒక రోజు వెడల్పాటి పాత్రలో ఉంచాలి. ఆ తరువాత ముందుకాళ్లు వచ్చిన ప్రతి పిల్లా సాయంత్రానికల్లా పెంకెక్కి, సగం ఒళ్లు తడిలో ఉంచుకుని కూర్చునేది. నాలుగైదు రోజుల్లో తోక చిన్న మొటిమంతై మాయమయ్యేది. అంతవరకు నేను తిండి వేయలేదు.

తోక పోయాక పాలకూర చూపినా అవి కదలలేదు. మగ్గిన అరటిపండు తొక్కను లోపల పెడితే చేరిన చిన్న ఈగల్లో ఒకటి పెంకు మీద నడిచింది, వేలిగోరంత కప్పపిల్ల ఒక్కసారి ముందుకు దూకింది, ఈగ కనిపించలేదు. చచ్చిన ఈగను పక్కన పెడితే మాత్రం అటు తిరగలేదు. కదిలేదే వాటికి ఆహారం. అలా రెండు మూడు రోజులు వేటాడినవాటిని సాయంత్రం తడినేల మీద వదిలాను. మిగిలిన ముప్పై నాలుగింటిలో ముప్పై ఒకటి గట్టెక్కాయి.