పెద్దాపురం పిన్ని ఇంటికెళ్తే సగ్గుబియ్యం గుట్టు తెలిసింది

నేను సగ్గుబియ్యం పాయసం చేస్తే ఇంట్లో అందరూ దాన్ని మైదా జిగురు అనేవారు. పోస్టర్లు అంటించుకోవచ్చే అని మా ఆయన జోకు. మొన్న జనవరిలో పెద్దాపురం పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు ఈ గోడు చెప్పుకుంటే, "మా మరిది సగ్గుబియ్యం మిల్లులోనే పని చేస్తాడు, ఓసారి చూసొద్దాం పదవే" అని పొద్దున్నే ఆటో ఎక్కించేసింది. ఏడీబీ రోడ్డు మీద రంగంపేట వైపు వెళ్తుంటే రెండు పక్కలా కర్రపెండలం చేలు, దుంపలు తవ్వే సీజన్ కదా, ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. మిల్లు కనపడకముందే పులిసిన వాసన వచ్చింది, ముక్కు మూసుకున్నాను, పిన్ని మాత్రం హాయిగా కబుర్లు చెప్తూనే ఉంది.

పిన్ని మరిది, నాకు వరసకి బాబాయే, గేటు దగ్గరే దుంపల గుట్ట చూపించి "ఇది రేపటికల్లా ఆడేయాలమ్మాయ్, తవ్విన ఒకట్రెండు రోజుల్లో ఆడకపోతే లోపల నల్ల చారలు వచ్చేస్తాయి, పిండి పాలు తెల్లగా రావు" అన్నాడు. దుంప కడిగి, తొక్క తీసి, నీళ్లు పోస్తూ మిషన్‌లో గీరేస్తారు. ఆ గుజ్జుని జల్లెడ పడితే పిప్పి పైన ఆగి, పాలు కింద తొట్టిలోకి దిగుతాయి. కొన్ని గంటలు కదపకుండా వదిలేస్తే పిండి అడుగున గట్టిగా పేరుకుంటుంది, పైన పసుపు నీళ్లు తీసేస్తారు. నాలుగైదు కిలోల దుంపకి కిలో సగ్గుబియ్యం వస్తే ఎక్కువ అంట.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతది. తడి పిండిని పొడి చేసి, ఉయ్యాలలా కట్టిన గుడ్డలో వేసి మోటారుతో అటూ ఇటూ ఊపుతారు, అందులో దొర్లి దొర్లి పిండి దానంతటదే పూసలు కట్టేస్తుంది, చేత్తో ఒక్కటి కూడా చెయ్యరు! జల్లెడతో సైజులు వేరు చేసి, కొబ్బరినూనె రాసిన వేడి పెనం మీద పోసి చెక్కతో ఆపకుండా తిప్పుతారు. ఒక పూస వేడిగానే తీసి గిల్లి చూశా: పైన పల్చటి అద్దం లాంటి పొర, లోపల ఇంకా పచ్చి తెల్ల పిండి! పై పొర మాత్రమే ఉడికిందన్నమాట. అది లేకపోతే నీళ్లలో వెయ్యగానే మళ్లీ పిండైపోద్ది అన్నాడు బాబాయ్. తర్వాత సిమెంటు కళ్లంలో ఎండలో ఆరబోస్తారు. నైలాన్ సగ్గుబియ్యం అయితే పెనం మీద వేయించకుండా ఆవిరి మీద ఉడికిస్తారట, అందుకే అది అంత అద్దంలా ఉంటుంది.

ఇంటికొచ్చాక పిన్ని నా చేతే వండించింది, ఆ గిల్లిన పూస కళ్ల ముందు ఉంటే అన్నీ అర్థమైపోయాయి. నేను ఎప్పుడూ కడక్కుండా, నానబెట్టకుండా చల్లటి పాలల్లోనే వేసి పొయ్యి ఎక్కించేదాన్ని. రాపిడికి రాలిన పిండి పూసల మీద అంటుకునే ఉంటుంది కదా, అది మెల్లగా వేడెక్కుతూ జిగురై అన్నీ ముద్ద కట్టేస్తాయి, లోపలి పిండికి మాత్రం నీళ్లు అందవు. పిన్ని కప్పు సగ్గుబియ్యాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగుసార్లు కడిగింది, గంట నానబెట్టింది. ఆరు కప్పుల నీళ్లు బాగా మరిగాకే పోసి, మొదటి రెండు నిమిషాలు గరిటె ఆపకు అంది. పదిహేను నిమిషాల్లో పూసలు పారదర్శకంగా అయినా మధ్యలో తెల్ల చుక్క మిగిలింది, నేను ఇంకా ఉడికించబోతే "చాల్లే, కట్టేసి మూత పెట్టు" అంది. పది నిమిషాల తర్వాత చూస్తే చుక్క మాయం. పంచదార, పాలు ఆ తర్వాతే. పంచదార ముందు వేస్తే నీళ్లు అదే లాగేసుకుంటుంది, పూస ఉడకదు. బెల్లం పోసేటట్టయితే కిందకి దించి కాస్త చల్లార్చాకే, లేకపోతే పాలు విరుగుతాయి.

ఉప్మాకి లెక్క వేరు. అందులో మరగబెట్టడం లేదు కాబట్టి నీళ్లన్నీ ముందే లోపలికి వెళ్లిపోవాలి. కడిగి, పూసల మట్టానికి సరిగ్గా నీళ్లు పోసి రాత్రంతా ఉంచాలి. పొద్దున వేళ్లతో నొక్కితే మెత్తగా నలగాలి, మధ్యలో పలుకు తగిలితే ఇంకాస్త నీళ్లు చిలకరించి ఉంచాలి. ఎక్కువ నీళ్లు పోశామా, జల్లెట్లో వేసి ఎంత వార్చినా బంకే. తిరగమోతలో వేసి సన్న సెగ మీద మూత లేకుండా అడుగు నుంచి తిరగేస్తూ ఉంటే ఐదారు నిమిషాల్లో తెల్లదనం పోతుంది, అప్పుడే దించేయాలి. నేను కబుర్లలో పడి రెండు నిమిషాలు లేట్ చేశా, ఒక పక్కంతా ముద్దయిపోయింది. ఆ ముద్ద నాకే పెట్టింది పిన్ని, విడివిడిగా ఉన్నదంతా బాబాయ్ ప్లేట్లో వేసింది.