పెన్షన్ల మీద టర్మ్ పేపర్: నా అనుభవం

నిన్న సాయంత్రం నా టర్మ్ పేపర్ డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేశాను. జర్మనీ, స్వీడన్, బ్రిటన్ దేశాల పెన్షన్లను చూపించి సంక్షేమ రాజ్యాల నమూనాలను పోల్చాలి, ఇదీ అంశం. పుస్తకాలు లైబ్రరీలోనే దొరికాయి. టైపింగ్ నేనే చేసుకున్నాను. బాలాజీ కాలనీలో స్పైరల్ బైండింగ్ అరగంటలో అయిపోయింది. నన్ను ఏడిపించింది మధ్యలో వచ్చిన సెమినార్.

ఈ అంశం తీసుకున్నవాళ్లందరూ డెన్మార్క్ సోషియాలజిస్టు ఎస్పింగ్-ఆండర్సన్ దగ్గరే మొదలుపెడతారు. పనిచేసే ఓపిక పోయాక మనిషి మార్కెట్ మీద ఆధారపడకుండా ఎంతవరకు బతకగలడన్నది ఆయన ముఖ్యంగా చూసిన విషయం. దాన్నిబట్టి 1990లో సంక్షేమ రాజ్యాలను మూడు రకాలు చేశాడు. స్వీడన్ సోషల్ డెమోక్రటిక్, జర్మనీ కన్జర్వేటివ్, మార్కెట్‌కు ఎక్కువ వదిలేసే బ్రిటన్, అమెరికా లాంటివి లిబరల్. మా గైడ్ సార్ నా డ్రాఫ్ట్ తిరగేసి, "ఇంత రాయనవసరం లేదమ్మా, మూడు దేశాలు, మూడు పేర్లు, నాలుగు తేడాలు పెట్టి ఒక టేబుల్ వెయ్యి, సరిపోతుంది" అన్నారు. సీనియర్ల పేపర్లలోనూ అదే టేబుల్ ఉంది. ఆయన చెప్పినట్టే వేశాను.

సెమినార్‌కు బయటి నుంచి ఒక మేడమ్ వచ్చారు. నా టేబుల్ స్క్రీన్ మీద ఉండగానే అడిగారు: "బ్రిటన్‌లో ప్రభుత్వ పెన్షన్ జీతంతో సంబంధం లేకుండా అందరికీ ఒకే లెక్క కదమ్మా? జర్మనీలో జీతాన్ని బట్టి ఇస్తారు. మరి మార్కెట్‌కు వదిలేసిన దేశం బ్రిటన్ ఎట్లా అయింది?" నాకు నోట మాట రాలేదు. క్లాసంతా నా వైపే చూస్తోంది. ముందు వరుసలో కూర్చున్న గైడ్ సార్ ఫోన్‌లోంచి తలెత్తి, "వీళ్లు ప్రిపేర్ అయి రారు మేడమ్" అన్నారు. ఆ టేబుల్ వెయ్యమన్నది ఆయనే. ఆ మాట ఇప్పటికీ మండుతూనే ఉంది. ఆయన దగ్గర చేస్తున్న జూనియర్లకు ఒకటే చెబుతున్నా, ఆయన చెప్పింది వినండి, కానీ లెక్క మీరే వేసుకోండి.

మేడమ్ మాత్రం బయట కారిడార్‌లో ఆగి, "ఒక మనిషిని తీసుకుని మూడు దేశాల్లో నడిపించి చూడమ్మా" అని చెప్పి వెళ్లారు. నాకు దారి చూపించింది ఆ ఒక్క మాటే.

ఇద్దరు ఆడవాళ్లను తీసుకున్నాను. ఇద్దరూ 25 ఏళ్లు ఉద్యోగం చేశారు. పిల్లలు లేరు. మొదటామెకు ఆ దేశపు సగటు జీతం, రెండో ఆమెకు అందులో సగం. 2024 నాటి రేట్లు పెట్టాను.

జర్మనీలో లెక్క పాయింట్లతో నడుస్తుంది. సగటు జీతంతో ఒక ఏడాది పనిచేస్తే ఒక పాయింటు, సగం జీతమైతే అర పాయింటు. 2024 జూలై నుంచి ఒక పాయింటుకు నెలకు 39.32 యూరోలు. మొదటామెకు 25 పాయింట్లు, అంటే 983 యూరోలు. రెండో ఆమెకు పన్నెండున్నర పాయింట్లు, 491.50 యూరోలు. ఉద్యోగంలో ఉన్న తేడా ముసలితనంలోనూ చెక్కుచెదరకుండా ఉంటుంది. కన్జర్వేటివ్ అన్న పేరు ఇక్కడ బాగా అర్థమవుతుంది.

బ్రిటన్‌లో 2016 నుంచి వచ్చిన కొత్త పెన్షన్‌లో ఏళ్లే లెక్క. 35 ఏళ్లు కట్టినవాళ్లకు పూర్తి పెన్షన్. 2024-25లో అది వారానికి 221.20 పౌండ్లు. 25 ఏళ్లకు సరిగ్గా 158 పౌండ్లు. ఇద్దరికీ అంతే. ఇక్కడికి వచ్చేసరికి మేడమ్ ప్రశ్న మళ్లీ ఎదురుగా నిలబడింది. తక్కువ జీతం మనిషి వైపు నుంచి చూస్తే బ్రిటనే నయం కదా?

జవాబు మొదటామె దగ్గర దొరికింది. 35 ఏళ్లూ కట్టి పూర్తి పెన్షన్ తీసుకున్నా అది అక్కడి సగటు జీతంలో మూడో వంతుకు రాదు. ఆ డబ్బుతో అలవాటైన బతుకు బతకలేదు. అందుకే 2012 నుంచి యజమానులు ఉద్యోగులను ప్రైవేటు పెన్షన్‌లో చేర్చడం మొదలుపెట్టారు. జీతంలో ఒక భాగం మీద కనీసం 8 శాతం అందులోకి వెళ్తుంది, అందులో యజమాని వాటా కనీసం 3 శాతం. ఎక్కువ మంది విషయంలో ఆ సొమ్ము మార్కెట్‌లో పెరిగితే పెరుగుతుంది, పడితే పడుతుంది. ప్రభుత్వం అందరికీ ఒక చిన్న మెట్టు వేసి, ఆ పైన మీ దారి మీరు చూసుకోండి అంటోంది. లిబరల్ అన్నది ఇందుకే. ప్రభుత్వ పథకం ఒక్కటే పట్టుకుని చూస్తే ఇది కనిపించదు.

స్వీడన్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. 1990ల సంస్కరణ తర్వాత అక్కడ కూడా పెన్షన్ జీతాన్ని బట్టే. ఏటా జీతంలో 16 శాతం లెక్కల్లో మాత్రమే ఉండే ఖాతాలోకి, 2.5 శాతం నిజంగా మదుపు పెట్టే ఖాతాలోకి పోతాయి. అయితే ఇది జర్మనీయే కదా అనిపించింది. తేడా తక్కువ వచ్చినవాళ్లను ఎలా చూస్తారన్న దాంట్లో ఉంది. ఇది మా ఇంట్లోనే నాకు అర్థమైంది.

నాన్న ప్రైవేటు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. ఆయన ఈపీఎస్ పెన్షన్ జీతాన్నీ సర్వీసునూ బట్టి లెక్కకట్టింది. దానికోసం ఎవరూ ఆయన ఆస్తి అడగలేదు. మా అవ్వకు నెలకు 4,000 వస్తుంది. ఒకటో తారీఖు సచివాలయం అమ్మాయి ఇంటికే వచ్చి వేలిముద్ర తీసుకుని ఇస్తుంది. కానీ ఆ పెన్షన్ మంజూరు కావడానికి ముందు కార్డు, భూమి, కరెంటు బిల్లు అన్నీ చూశారు. ఒకటి కట్టినందుకు వచ్చే హక్కు, ఇంకొకటి లేదని చూపిస్తే వచ్చేది.

మన రెండో ఆమెకు సొంత పెన్షన్ చాలకపోతే బ్రిటన్‌లో పెన్షన్ క్రెడిట్ అనే సాయం అడగాలి. అక్కడ పొదుపు చూస్తారు. 10,000 పౌండ్లు దాటితే ఆపైన ప్రతి 500కు వారానికి ఒక పౌండు ఆదాయం ఉన్నట్టు లెక్కేస్తారు. జర్మనీలో కూడా ఇంటి ఆదాయం, పొదుపు చూసే సాయమే. స్వీడన్‌లో మాత్రం గ్యారంటీ పెన్షన్ అని ఉంది. 40 ఏళ్లు ఆ దేశంలో నివసించినవాళ్లకు పూర్తిగా వర్తిస్తుంది. ప్రభుత్వం నుంచి వచ్చే సొంత పెన్షన్‌తో పోల్చి తక్కువైనంత కలుపుతారు గానీ, బ్యాంకులో ఎంత ఉంది, ఇల్లుందా అని అడగరు. డబ్బు పన్నుల నుంచే వస్తుంది. రెండో ఆమెకు ఎక్కువ కలుస్తుంది, మొదటామెకు తక్కువ కలుస్తుంది. జర్మనీలో సగానికి సగం ఉన్న తేడా ఇక్కడ తగ్గిపోతుంది. అదీ ఎవరి ముందూ చెయ్యి చాపకుండా.

పేపర్లో ఆ టేబుల్ తీసేసి ఈ ఇద్దరి లెక్క పెట్టాను. మా బ్యాచ్‌లో ఇట్లా లెక్కకట్టి చూపించింది నేనొక్కదాన్నే, గర్వంగానే చెబుతున్నా. మేడమ్‌కు కాపీ పంపిస్తే మార్జిన్‌లో "ఇప్పుడు పోల్చావు" అని రాశారు. గైడ్ సార్ సంతకం పెట్టారు, చదివారో లేదో తెలియదు.

ఈ అంశం తీసుకునేవాళ్లు ఏళ్లు సరిచూసుకోండి. ఆ మూడు పేర్ల వెనకున్న కొలతలు 1980 నాటి గణాంకాలతో వేసినవి. స్వీడన్ కొత్త పెన్షన్ గానీ, బ్రిటన్ 2016 పెన్షన్ గానీ అప్పటికి లేవు. పాత పేరు కొత్త పథకానికి తగిలిస్తే సెమినార్‌లో ఎవరో ఒకరు పట్టుకుంటారు. రేట్లు కూడా జర్మనీలో జూలైలో, బ్రిటన్‌లో ఏప్రిల్‌లో మారతాయి కాబట్టి ప్రతి అంకె పక్కనా ఏ నెల నుంచో రాసుకోండి.